బ్రెజిల్ పత్తి దిగుబడిని మన ఎకరాల లెక్కలో చూడటం ఎలా?

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా. నాలుగెకరాల్లో పత్తి పెడితే 32 క్వింటాళ్లు వచ్చింది, అంటే ఎకరానికి 8. మా భూమి కాగితం సాత్‌బారాలో మొత్తం 1.62.00 అని ఉంది, అందులో సాగుకు రాని పోట్ ఖరాబా 0.12.00. మా అబ్బాయి ఫోన్లో బ్రెజిల్ పత్తి రిపోర్టు చూపించాడు. దాంట్లో 1,850 kg/ha అని ఉంది. హెక్టారంటే రెండున్నర ఎకరాలు కదా అని 2.5తో గుణిస్తే 46 క్వింటాళ్లు వస్తోంది, నమ్మబుద్ధి కావడం లేదు. భాగిస్తే ఏడున్నర కూడా రావడం లేదు, అంటే వాళ్లకన్నా నాదే ఎక్కువ! ఏది నిజం? ఇంకోటి, మా బావమరిదితో కలిసి తెలంగాణలోని వాంకిడి దగ్గర 2.20 ఎకరాలు కౌలుకు చేశాను, అక్కడ 19 క్వింటాళ్లు వచ్చింది. లెక్క చూస్తే కౌలు చేనే బాగా పండినట్టుంది. సొంత చేను వదిలి అక్కడే ఇంకో రెండెకరాలు పెంచుకోమంటారా?

సమాధానం: కౌలు సంగతి ఇప్పుడే తేల్చుకోకండి. మీ లెక్కలో మూడు చోట్ల తేడా ఉంది. అవి సరిచేస్తే బ్రెజిల్ లెక్కా మారుతుంది, మీ రెండు చేలలో ఏది ముందుందన్నదీ తలకిందులవుతుంది.

ముందు గుణించాలా, భాగించాలా అన్నది చూద్దాం. భూమి కొలత మార్చేటప్పుడు, అంటే హెక్టార్లను ఎకరాలుగా చేసేటప్పుడు, 2.471తో గుణించాలి. దిగుబడి మార్చేటప్పుడు భాగించాలి. క్వింటా ధర తెలిసి కిలో ధర కావాలంటే మనం వందతో భాగిస్తాం కదా, ఇదీ అంతే. హెక్టారు పెద్దది, ఎకరం చిన్నది. పెద్ద చెక్కలో పండినదానికన్నా చిన్న చెక్కలో పండింది తక్కువే ఉండాలి. ఎకరా దిగుబడి హెక్టారు దిగుబడిని మించి వచ్చిందంటే లెక్క ఎదురు తిరిగినట్టే. కాబట్టి ఆ 46 క్వింటాళ్లను కొట్టేయండి. భాగించడమే సరైనది. 1,850ని 2.471తో భాగిస్తే 749 కిలోలు.

నోటిలెక్కకు 2.5 చాలు. దానివల్ల వచ్చే తేడా నూటికి ఒకటి చిల్లర మాత్రమే. కాగితం మీద రాసుకునేటప్పుడు, బ్యాంకుకో బీమాకో చూపించేటప్పుడు మాత్రం 2.471 వాడండి. మీ నాలుగెకరాలనే చూడండి. 2.5తో భాగిస్తే 1.60 హెక్టార్లు వస్తుంది, సాత్‌బారాలో ఉన్నది 1.62. దాదాపు రెండు గుంటల తేడా.

అయితే ఆ 749 కిలోలను మీ 8 క్వింటాళ్ల పక్కన పెట్టకూడదు. మీరు మార్కెట్లో తూకం వేసింది గింజతో ఉన్న పత్తి. ఆ రిపోర్టులో ఉన్నది గింజ తీసేసిన దూది, మీ దగ్గర జిన్నింగ్ వాళ్లు రుయి అంటారే, అది. అమెరికా వ్యవసాయ శాఖ ప్రపంచ దేశాలన్నిటికీ ఇచ్చే పత్తి దిగుబడులన్నీ దూది లెక్కలోనే ఉంటాయి. మన దేశానికి హెక్టారుకు సుమారు 450 కిలోలు అని పేపర్లలో వచ్చేదీ దూదే. అది చూసి మన సగటు ఎకరానికి రెండు క్వింటాళ్లు కూడా లేదా అని కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. గింజతో కలిపి చూస్తే అది ఎకరానికి ఐదు క్వింటాళ్ల పైమాటే.

రిపోర్టు దేని గురించి మాట్లాడుతోందో పట్టిక పైవరుసలోనో, కింద సన్న అక్షరాల్లోనో ఉంటుంది. అక్కడ lint అని ఉంటే దూది, seed cotton అని ఉంటే గింజతో పత్తి. బ్రెజిల్ వాళ్ల సొంత రిపోర్టయితే పోర్చుగీసు భాషలో ఉంటుంది. అందులో pluma అంటే దూది, algodão em caroço అంటే గింజతో పత్తి. బ్రెజిల్ ప్రభుత్వ పంట అంచనాల్లో ఈ రెండూ వేర్వేరు పట్టికలుగా వస్తాయి. అక్కడి రైతులు మాత్రం మాటల్లో అరోబా లెక్క చెబుతారు. ఒక అరోబా 15 కిలోలు. హెక్టారుకు 300 అరోబాలు అన్నారంటే గింజతో కలిపి 4,500 కిలోలన్నమాట. ఏ మాటా కనిపించకపోతే అంకెను బట్టి పట్టుకోవచ్చు. బ్రెజిల్‌కు 1,800 చుట్టుపక్కల ఉంటే దూది, 4,500 చుట్టుపక్కల ఉంటే గింజతో పత్తి. మీ అబ్బాయి చూపించింది మొదటిదే.

ఇక మీ పత్తిలో దూది ఎంతో తెలియాలి. మన దగ్గర హైబ్రిడ్లలో మామూలుగా నూటికి 33 నుంచి 36 వస్తుంది. మీ చేను సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. మొదటి తీతలోదీ చివరి తీతలోదీ కలిపి కొంచెం పత్తి తీసుకోండి, ఒక్క తీతదే వద్దు. ఎందుకంటే మొదటి కాయలు నిండుగా ఉంటాయి, చివరివి సన్నబడతాయి. దాన్ని ఒక పూట ఎండలో ఆరబెట్టి, ఆకు ముక్కలు, కాయ తొక్కలు ఏరేసి, చిన్న డిజిటల్ కాటా మీద సరిగ్గా 100 గ్రాములు తూచండి. తర్వాత చేత్తో గింజ నుంచి దూదిని లాగండి. మొదట కష్టంగా ఉంటుంది, గింజను బొటనవేలితో గట్టిగా నొక్కిపెట్టి దూదిని అన్నివైపులా పరిచి లాగితే వచ్చేస్తుంది. గింజ మీద మిగిలిన పొట్టి నూగును గీకక్కర్లేదు, మిల్లులో కూడా అది గింజకే ఉండిపోతుంది. చివర్లో దూదిని తూచండి. 34 గ్రాములు వస్తే మీ పత్తిలో దూది 34 శాతం. గింజలూ తూచి రెండూ కలపండి. 100కి రెండు మూడు గ్రాములకన్నా ఎక్కువ తగ్గిందంటే చెత్త ఉండిపోయిందనో, దూది ఎగిరిపోయిందనో అనుకుని మళ్లీ చేయండి. ఇంత ఓపిక లేకపోతే మీరు పత్తి వేసే జిన్నింగ్ మిల్లులో ఈ సీజన్ రుయి శాతం ఎంత పడుతోందని అడిగినా చెబుతారు, కానీ అది నలుగురి పత్తి కలిపిన లెక్క.

మీది 34 అనుకుని ముందుకు పోదాం.

ఇప్పుడు అసలైన మాట. మీ విషయంలో ఎకరాలతో పనే లేదు. మహారాష్ట్ర సాత్‌బారా హెక్టార్లలోనే రాసి ఉంది కదా. 1.62.00 అంటే ఒక హెక్టారు, 62 ఆర్‌లు, సున్నా చదరపు మీటర్లు. వంద ఆర్‌లు ఒక హెక్టారు. ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, మన గుంట 101 చదరపు మీటర్ల పైచిలుకు, రెండూ దాదాపు సమానమే. మీరు కాగితం మీది హెక్టార్లను నాలుగెకరాలుగా మార్చుకుని, దాంతో దిగుబడి తేల్చి, మళ్లీ బ్రెజిల్ హెక్టారు దిగుబడిని ఎకరాల్లోకి దింపుతున్నారు. ఇన్నిసార్లు మార్చితే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది. పండిన మొత్తాన్ని నేరుగా హెక్టార్లతో భాగించండి, చాలు.

కానీ ఏ హెక్టార్లతో? సాత్‌బారాలో విస్తీర్ణం రెండు భాగాలుగా ఉంటుంది. పైన లాగవడ్ యోగ్య క్షేత్ర, అంటే సాగుకు పనికొచ్చే భూమి, దాంట్లో వర్షాధారమైతే జిరాయత్ అనో, నీటి వసతి ఉంటే బాగాయత్ అనో వేరుగా రాసి ఉంటుంది. కింద పోట్ ఖరాబా. రెండూ కలిపితేనే మొత్తం 1.62. మీ పోట్ ఖరాబా 12 ఆర్‌లు. అది నాలా ఒడ్డో, బండరాయో, బాటో అయ్యుండాలి, అక్కడ పత్తి లేదు. పత్తి ఉన్నది 1.50 హెక్టార్లలో. పోట్ ఖరాబా అని రాసినా కొంత బాగుచేసి సాగులోకి తెచ్చుకున్నవాళ్లున్నారు. మీరూ అలా చేసి ఉంటే దాన్నీ కలుపుకోండి. అలాగే అంచుల్లో కందో జొన్నో వేసి ఉంటే ఆ మేరకు తీసేయండి. కాగితాన్ని మించి చేను మాటే నిజం, టేపు పట్టి ఒక్కసారి కొలుచుకుంటే ఏళ్లపాటు పనికొస్తుంది.

32 క్వింటాళ్లను 1.50తో భాగిస్తే హెక్టారుకు 21.3 క్వింటాళ్ల పత్తి. అందులో 34 శాతం దూది, అంటే సుమారు 725 కిలోలు. బ్రెజిల్ 1,850 పక్కన మీది 725. ఇదీ సరైన పోలిక. వాళ్లది మీకు రెండున్నర రెట్లు. దేశ సగటు 450 పక్కన పెట్టి చూస్తే మీరు చాలా ముందున్నారు. ఎకరాల్లోనే కావాలంటే మీ సొంత చేను దిగుబడి ఎకరానికి 8 కాదు, 8.6 క్వింటాళ్లు.

ఇదే లెక్కను పత్తి వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. బ్రెజిల్ రకాల్లో దూది 40 శాతం పైనే ఉంటుంది. 41 అనుకుంటే వాళ్ల 1,850 కిలోల దూది హెక్టారుకు 45 క్వింటాళ్ల పత్తి నుంచి వచ్చింది, మన ఎకరానికి 18. మీ 8.6తో పోలిస్తే రెండు రెట్ల పైచిలుకు, రెండున్నర కాదు. ఆ మిగతా తేడా చేనులోది కాదు, గింజకూ దూదికీ మధ్య పాళ్లది. అందుకే బ్రెజిల్ దూదిని మన 34 శాతంతో భాగించి ఎకరానికి 22 క్వింటాళ్లు అనడం కూడా తప్పే. వాళ్ల దూదిని పత్తిగా మార్చాలంటే వాళ్ల శాతమే వాడాలి.

ఇప్పుడు వాంకిడి చేను. రోడ్డు మీద రాష్ట్రం మారినట్టే తెలియదు గానీ కాగితం మాత్రం మారిపోతుంది. తెలంగాణ పాసుపుస్తకంలో 2.20 అంటే రెండు ఎకరాల 20 గుంటలు. ఆ చుక్క దశాంశం కాదు. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి 20 గుంటలంటే అరెకరం. మీ కౌలు చేను రెండున్నర ఎకరాలు. క్యాల్‌క్యులేటర్లో 2.20 అని కొట్టి భాగిస్తే 8.6 వస్తుంది, దాన్ని సొంత చేను 8తో పోల్చి కౌలు చేను ముందుందని మీరు అనుకున్నారు. నిజానికి 19ని 2.5తో భాగించాలి, వచ్చేది 7.6. సొంత చేనేమో పోట్ ఖరాబా తీసేశాక 8.6. అంకెలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి చూశారా? హెక్టార్లలో అయితే రెండున్నర ఎకరాలు 1.01 హెక్టార్లు, దిగుబడి 18.8 క్వింటాళ్లు. సొంత చేనుది 21.3.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. ఆంధ్ర వైపు చుట్టాలెవరైనా 2.20 అంటే అది రెండు ఎకరాల 20 సెంట్లు. అక్కడ వంద సెంట్లు ఒక ఎకరం, కాబట్టి ఆ చుక్క దశాంశమే. గుంటల్లో రాసిన చుక్క తర్వాత 39 దాటి అంకె రాదు. 2.65 అని కనిపిస్తే అవి గుంటలు కావు, సెంట్లో ఆర్‌లో అయ్యుండాలి. 2.20 లాంటి చిన్న అంకెతోనే చిక్కు. ఏ రాష్ట్రం కాగితమో అడిగి తెలుసుకోవడం తప్ప మార్గం లేదు.

కాబట్టి దిగుబడిని చూసి సొంత చేను వదలాల్సిన పని లేదు. కౌలు డబ్బు కూడా కలుపుకుంటే సొంత చేనే ఇంకా ముందుంటుంది. కౌలు రేటు ఎకరం లెక్కన మాట్లాడుకుని ఉంటే, మీరు కట్టింది 2.2 ఎకరాలకా, రెండున్నరకా అన్నది కూడా మీ బావమరిదితో కూర్చుని ఒకసారి సరిచూసుకోండి.

రేపు మీ అబ్బాయి అమెరికా రిపోర్టు కూడా చూపించవచ్చు. అక్కడి రైతులకు ఇచ్చే లెక్క ఎకరాల్లోనే ఉంటుంది, వాళ్ల ఎకరమూ మనదీ ఒకటే. కానీ బరువు పౌండ్లలో, అదీ దూది. lb/acre అని ఉంటే ఆ అంకెను 0.4536తో గుణిస్తే కిలోలు. 900 పౌండ్లంటే ఎకరానికి 408 కిలోల దూది. అమెరికా లెక్కలో మరో కిటుకు ఉంది. వాళ్లు మొత్తాన్ని విత్తిన విస్తీర్ణంతో కాదు, తీత జరిగిన విస్తీర్ణంతో భాగిస్తారు. 2022లో టెక్సాస్‌లో కరువు వచ్చి విత్తిన పత్తిలో చాలా భాగం తీయకుండానే వదిలేశారు. అలా ఎండిపోయిన చేలు దిగుబడి లెక్కలోకే రావు, మిగిలిన మంచి చేల సగటే కనిపిస్తుంది. మనం మాత్రం ఎండిన మడినీ కలుపుకునే చెప్పుకుంటాం. వాళ్లతో పోల్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

బ్రెజిల్ రిపోర్టులో దిగుబడి కన్నా మీకు పనికొచ్చే అంకె మరొకటి ఉంది, హెక్టారుకు మొక్కలు. అక్కడ హెక్టారుకు 80 వేల నుంచి లక్ష దాకా మొక్కలుంటాయి. మీరు 90 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్లకు ఒకటి పెట్టి ఉంటే హెక్టారుకు సుమారు 18,500 మొక్కలు, ఎకరానికి 7,500. ఇప్పుడు దూదిని మొక్కలతో భాగించండి. బ్రెజిల్‌లో 90 వేల మొక్కలనుకుంటే ఒక్కో మొక్కకు సుమారు 21 గ్రాముల దూది. మీ చేనులో ఒక్కో మొక్కకు 39 గ్రాములు. మొక్క చొప్పున చూస్తే మీదే ఎక్కువ. అంటే వాళ్ల ఎక్కువ దిగుబడి మొక్కల సంఖ్యలోంచి వస్తోంది, ఒక్కో మొక్క బలంలోంచి కాదు. వాళ్లు పొట్టిగా, పక్క కొమ్మలు ఎక్కువ లేకుండా పెరిగే రకాలు వేసి, ఎదుగుదలను ఆపే మందు కొట్టి, అన్ని కాయలూ ఒక్కసారే విచ్చుకునేలా చేసి యంత్రంతో తీసేస్తారు. మన హైబ్రిడ్‌ను అంత దగ్గరగా పెడితే గుబురెక్కి లోపల గాలి ఆడదు, కాయ కుళ్లు వస్తుంది, విత్తనం ఖర్చూ మోయలేం. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ తేలిక నేలలకు చెబుతున్న దగ్గర విత్తే పద్ధతిలో 90 సెంటీమీటర్ల సాలులో 15 సెంటీమీటర్లకు ఒక మొక్క. అంటే హెక్టారుకు 74 వేలు, ఎకరానికి 30 వేలు. అదీ అందుకు తగిన రకాలతోనే. ప్రయత్నించాలనుంటే చేను మొత్తం కాకుండా పది గుంటల్లో వేసి చూడండి. దిగుబడిని పది ఆర్‌లతో, అంటే 0.10 హెక్టారుతో భాగించండి, మిగతా చేనుతో పోల్చడం సులువు.

చివరిగా, ఎక్కడ తప్పు జరిగితే పంటే పోతుందో అది చెప్పి ముగిస్తాను. రిపోర్టులో ఎరువులు, మందుల మోతాదులు కూడా హెక్టారుకే ఉంటాయి. మన దగ్గర మందు డబ్బా మీదా చాలాసార్లు హెక్టారు మోతాదే ఉంటుంది. దాన్ని ఎకరానికి అనుకుని కొడితే రెండున్నర రెట్లు పడుతుంది. ఎదుగుదల ఆపే మందు అంత పడితే మొక్క గిడసబారి మళ్లీ తేరుకోదు. కలుపు మందయితే పత్తి ఆకే మాడిపోతుంది. డబ్బా మీద హెక్టారుకు 500 మిల్లీలీటర్లు అని ఉంటే ఎకరానికి 200. మీ 1.50 హెక్టార్లకు మొత్తం 750, వాంకిడి చేనుకు 500 చిల్లర. ట్యాంకులు ఎన్ని పడతాయో ముందు ఉత్త నీళ్లతో ఒకసారి కొట్టి చూసి, ఈ మొత్తాన్ని అన్ని ట్యాంకులకూ సమంగా పంచి కలపండి.